మూర్తి గారు చెరిపేసిన పుట్టుమచ్చలు

శ్రీరామమూర్తి గారితో నాకు మొదటి రోజే గొడవైంది. నేల మీద పసుపు టేపు అతికించి, మనిషి పాదాలు ఇక్కడే ఉండాలి, కెమెరా ఇంత ఎత్తులోనే ఉండాలి అని కొలతలు రాసి ఆ కాగితాన్ని గోడకు అంటించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, దాన్ని చివరిదాకా చదివారు.

"నలభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నానమ్మాయ్. మనిషిని ఎక్కడ నిలబెట్టాలో గోడ చెబితే వినాలా నేను?" అన్నారు.

"గోడ కాదండీ, నేనే చెబుతున్నాను" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది నా తప్పు కాదు, మా వంశంలోనే ఉంది.

నా పేరు అనూహ్య. నాంపల్లి స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ల గది నాది. గది అంటే గదే, మనుషులు లేరు. ప్రింటర్ పనిచేయకపోయినా నేనే, జీతాల స్లిప్పు రాకపోయినా నేనే, ప్రోగ్రాములు రాసేదీ నేనే. ఆ ఏడాది మా యాజమాన్యానికి ఒక కోరిక పుట్టింది. డాక్టర్లు కాని సిబ్బంది మూడు వందల పద్దెనిమిది మందికీ ఒక డైరెక్టరీ కావాలి. రోగి బంధువు వార్డు బయట ఉన్న తెర మీద చూసి, ఈమె నర్సు, ఈయన ల్యాబు మనిషి అని గుర్తుపట్టాలి. ఫొటోలన్నీ ఒకే తీరుగా ఉండాలి: వెనక ఒకే గోడ రంగు, అందరికీ మా ఆసుపత్రి లేత నీలం కోటు, తలలన్నీ ఒకే సైజు.

అప్పటికి మా దగ్గరున్న ఫొటోలు చూస్తే నవ్వొస్తుంది. ఒకరిది పెళ్లి ఫొటోలోంచి కత్తిరించింది, పక్కన పెళ్లికొడుకు భుజం ఇంకా కనిపిస్తోంది. ఇంకొకరిది బైకు మీద, నల్ల కళ్లద్దాలతో. అందుకే అందరికీ కొత్తగా ఫొటోలు తీయించి, గోడా కోటూ మాత్రం చిత్రాలు తయారుచేసే కృత్రిమ మేధతో ఒకే తీరుకి తెద్దామని నేను ప్రతిపాదించాను. తీయడానికి మూడు నెలల ఒప్పందం మీద వచ్చిన మనిషి శ్రీరామమూర్తి గారు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. వాళ్ల నాన్న పంతొమ్మిది వందల యాభై ఆరులో బందరు నుంచి సచివాలయంలో గుమాస్తాగా హైదరాబాదు వచ్చారు. మూర్తి గారు ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువు అబ్బక, అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి ఒక సందులో మేడ మీద స్టూడియో పెట్టారు. పాస్‌పోర్టు ఫొటోలకు పేరున్న స్టూడియో. లోపల మేకుకి ఒక నల్ల కోటు, మూడు టైలు, అద్దం ముందు దువ్వెన, పౌడరు డబ్బా. వచ్చినవాడు ఎవడైనా సరే ఆ కోటే వేసుకునేవాడు. ఉస్మాన్‌గంజ్ మిర్చి వ్యాపారీ అదే కోటు, బ్యాంకు పరీక్షకు వెళ్లే కుర్రాడూ అదే కోటు. సన్నగా ఉన్నవాళ్లకు వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవారట. సెల్‌ఫోన్లు వచ్చి గిరాకీ తగ్గింది, తర్వాత ఆ మేడను పడగొట్టారు.

అప్పటి నుంచి ఇంట్లోనే. ఆయన భార్య జానకమ్మ గారు ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి వచ్చి నాతో తన గోడు వెళ్లబోసుకున్నారు. "కూరలు తరుగుతుంటే వచ్చి, కొంచెం కిటికీ వైపు తిరుగు, మొహం మీద వెలుతురు పడట్లేదు అంటారమ్మా. నాకు వంట చేసుకోవాలా, వెలుతురు చూసుకోవాలా?" డైరెక్టరీ తప్పుల్లేకుండా వార్షికోత్సవానికి సిద్ధమైతే, మూర్తి గారికి గుర్తింపు కార్డుల విభాగంలో పక్కా ఉద్యోగం ఇస్తామని యాజమాన్యం మాటిచ్చింది. తేడా వస్తే ఆ పని బయటి ఏజెన్సీకి పోతుంది. యాభై ఏడేళ్ల మనిషికి కెమెరా పట్టుకునే చోటు మళ్లీ ఇంకెక్కడా దొరకదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఉద్యోగం కోసమే ఆయన నా గోడ కాగితాన్ని భరించారు.

ఇక నా ప్రోగ్రాం సంగతి. దాన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. మొదటి ప్రయోగం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫొటో మొత్తాన్ని మోడల్‌కి ఇచ్చి, వెనక గోడ మార్చు, కోటు తొడుగు అంటే అది గోడతో పాటు ముఖాలు కూడా మార్చేసింది. అందరూ ఒకే ఇంటి పిల్లల్లా తయారయ్యారు. వాచ్‌మన్‌కీ ఫార్మసీ అమ్మాయికీ ఒకటే ముక్కు. దాంతో దారి మార్చాను. ముఖం, జుట్టు, తల మీద ముసుగు ఉంటే అదీ, వీటిని మోడల్ ముట్టుకోకుండా ప్రోగ్రాం ముందే మూసేస్తుంది. మోడల్ గీసేది గోడా, మెడ కింద కోటూ మాత్రమే. గీశాక అసలు ఫొటోలోని ముఖాన్ని చుక్క చుక్కగా మళ్లీ అదే చోట పెట్టేస్తుంది. తర్వాత కళ్ల మధ్య దూరాన్ని బట్టి తల సైజు సరిచేసి, అసలు ముఖాన్నీ తయారైన ముఖాన్నీ అంకెల్లోకి మార్చి పోల్చి, తేడా ఎక్కువుంటే ఆ ఫొటోను పక్కన పెడుతుంది. అన్నింటికీ ఒకే మోడల్, ఒకే ఆదేశం, గీసేది ప్రతిసారీ ఒకేలా రావడానికి ఒకే మొదలు సంఖ్య. ఏ ఫైలు దేని నుంచి వచ్చిందో లాగ్ అనే చిట్టాలో రాస్తుంది. ఇదంతా ఆసుపత్రిలోని యంత్రం మీదే నడుస్తుంది, ఫొటోలు బయటి కంపెనీలకు పోవు.

అన్నిటికంటే ముందు అది చూసేది సమ్మతి. సిబ్బంది జాబితాలో పేరు ఎదురుగా సమ్మతి పత్రం నంబరు లేకపోతే ప్రోగ్రాం ఆ మనిషి ఫొటోను తెరవను కూడా తెరవదు. ఈ కట్టుబాటు నాది కాదు, డోరా మేడమ్‌ది.

డోరా మేడమ్ సర్వీసు రికార్డుల గుమాస్తా. మెదక్ మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి. పత్రంలో మూడు ప్రశ్నలు వేరువేరుగా ఉండాలని ఆమే పట్టుబట్టింది. ఒకటి, ఫొటో తీసి డైరెక్టరీలో పెట్టవచ్చా. రెండు, గోడనూ కోటునూ కృత్రిమ మేధతో మార్చవచ్చా, ముఖంలో మాత్రం ఏదీ మార్చం. మూడు, ఆసుపత్రి బయట ప్రచారానికి వాడవచ్చా. ఒకదానికి ఔనని, ఒకదానికి కాదని చెప్పొచ్చు. వద్దంటే ఫొటో బదులు పేరులోని మొదటి అక్షరం పెడతాం, ఉద్యోగానికి ఢోకా లేదు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

"వార్డు సూపర్‌వైజర్లకు ఇస్తే అందరి సంతకాలు వాళ్లే గీకి తెస్తరు. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న, నాకు ఎరుకలేదా? ఒక్కొక్కరిని పిలువు, నేను చదివి వినిపిస్త, అప్పుడు సంతకం" అంది. మూడు వారాలు పట్టింది. పదకొండు మంది వద్దన్నారు. మిగతా మూడు వందల ఏడుగురు మూర్తి గారి ముందు పసుపు టేపు మీద నిలబడ్డారు.

ఒక సోమవారం పొద్దున ప్రోగ్రాం నడిపాను. మధ్యాహ్నం భోజనాల వేళకి మూడు వందల ఏడు ముఖాలు, లేత నీలం కోట్లలో వరసగా తెర మీద నిలబడ్డాయి. తేడా ఉందని ఒక్కటి కూడా పక్కకు పోలేదు. చాలా గర్వపడ్డాను. మూర్తి గారు నా వెనక నిలబడి, "ఇన్ని కోట్లు ఒక్కరోజులో తొడిగేశావా అమ్మాయ్, క్లిప్పులు కూడా లేకుండా" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి, పైకి చెప్పలేదు గానీ సంతోషం వేసింది.

ఆ సంతోషం బుధవారం దాకా ఉంది. డోరా మేడమ్ చేతిలో ఒక సర్వీసు పుస్తకం, చంకలో మరో నాలుగు పెట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్‌లోని గుర్తింపు చిహ్నాలను ఆ పుస్తకంలో ఎక్కిస్తారు. ఆమె తయారైన ఒక్కో ఫొటోనూ ఆ చిహ్నాలతో సరిచూస్తోంది. ఆ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అనూ, నీ మిషిన్ పుట్టుమచ్చలు తింటున్నదా ఏంది?"

"అంటే?"

"ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని రాసుంది. లేదు. గీమెకు గడ్డం మీద. లేదు. గీయనకు కనుబొమ్మ పైన గాటు. అదీ లేదు. ముప్పై చూసిన, ఎనిమిదింట్ల లెవ్వు."

నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు గానీ ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముఖం ముట్టం అని నేను చదివి వినిపిచ్చిన బిడ్డా. నా నోటితోని. గిప్పుడు వాళ్లకేం చెప్పాలె?"

నా ప్రోగ్రాం ముఖాన్ని మార్చదని ఆమెతో వాదించాను. వాదిస్తూనే భయపడ్డాను. సాయంత్రానికి ఈ సంగతి నర్సింగ్ సూపరింటెండెంట్ యూనీస్ మేడమ్ దాకా పోయింది. డైరెక్టరీ కమిటీకి ఆమే అధ్యక్షురాలు, చివరి సంతకం ఆమెదే. శుక్రవారం మీటింగులో కారణం చెప్పాలనీ, ప్రోగ్రాం తప్పయితే మొత్తం పని ఆపేసి ఏజెన్సీకి ఇస్తామనీ కబురు పంపింది. ఆ కబురు వచ్చినప్పుడు మూర్తి గారు అక్కడే ఉన్నారు. కెమెరా లెన్సు తుడుచుకుంటూ ఉండిపోయారు.

గురువారం అంతా నా ప్రోగ్రాంనే దొంగలా విచారించాను. మచ్చ పోయిన ఎనిమిది ఫొటోల్లో, ప్రోగ్రాంలోకి వచ్చిన ముఖాన్నీ బయటికి వెళ్లిన ముఖాన్నీ ఒకే సైజుకి తెచ్చి చుక్క చుక్కగా పోల్చాను. ఒక్క చుక్క తేడా లేదు. ప్రోగ్రాం ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య లెక్కకట్టి లాగ్‌లో రాస్తుంది. అవీ సరిపోయాయి. అంటే లోపలికి వచ్చిన ఫొటోలోనే మచ్చ లేదు. నేను పోల్చి చూస్తున్నది మచ్చ లేని ఫొటోతో, కాబట్టి ప్రతిసారీ సరిగ్గా ఉందనే వచ్చింది. కెమెరా నుంచి నా ఫోల్డరుకి వచ్చే దారిలో ఏదో జరిగింది. ఫొటో ఫైలు లోపల, అది ఏ పరికరంలో పుట్టిందో, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లో భద్రపరిచారో రాసి ఉంటుంది. చూశాను. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ పేరుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నది ఒక్క కంప్యూటర్‌లోనే, మూర్తి గారి బల్ల మీద.

మెట్ల దగ్గర చాయ్ తాగుతున్న ఆయన దగ్గరికి వెళ్లాను. కోపంతో వెళ్లాను, నిజమే చెబుతున్నాను. రెండు రోజులు నా మీద పడిన నింద మీరు పక్కనే నిలబడి చూశారే అని అడగాలని వెళ్లాను.

"మూర్తి గారూ, నాకు ఫొటోలు ఇచ్చే ముందు వాటిని దిద్దారా?"

"దిద్దడమా? లేదే. ఫినిషింగ్ చేశాను" అన్నారు.

"ఫినిషింగ్ అంటే?"

"మచ్చలూ గాట్లూ తీసి, కళ్ల కింద నలుపు తగ్గించి… అది చెయ్యకుండా ఫొటో ఎలా ఇస్తామమ్మాయ్? చెయ్యి కడుక్కోకుండా వడ్డించినట్టుంటుంది." చెబుతూనే ఆగిపోయారు. చాయ్ గ్లాసు మెట్టు మీద పెట్టారు. "మచ్చలు పోయాయని డోరా గారు అన్నది వీటి గురించేనా? నేను నీ మిషను ఇంకేదో పెద్ద తప్పు చేసిందనుకున్నాను."

నమ్మశక్యం కాదు గానీ నేను నమ్మాను. నలభై ఏళ్లు నెగెటివ్ మీద పెన్సిలుతో మచ్చలు కప్పిన మనిషికి అది తప్పన్న ఊహే రాదు. అలవాటైన పని కంటికి ఆనదు. సమ్మతి పత్రం చదివారా అని అడిగితే, "మన పత్రం కాదుగా, వాళ్లది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎన్ని?" అన్నాను.

"తీయాల్సింది కనిపించినవాళ్లవన్నీ" అన్నారు. తర్వాత లెక్కపెడితే డెబ్భై మూడు.

నేను కమిటీకి చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నా ప్రోగ్రాం మీద మచ్చ పడుతుంది, ఆ మచ్చను ఏ ఫినిషింగూ తీయదు. ఇది నేను ఆయనతో అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

"రేపు మీటింగులో నేనే చెబుతాలే అమ్మాయ్" అన్నారు. "నువ్వు మాత్రం మళ్లీ ఎంతసేపట్లో చెయ్యగలవు?"

"అసలు ఫొటోలుంటే ఒక పూటలో. ఎక్కడున్నాయి?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "నెగెటివ్ పారేసేవాడు ఫొటోగ్రాఫరు కాడమ్మా" అన్నారు. కెమెరా కార్డులన్నీ తారీఖులు రాసిన కవర్లలో ఆయన సొరుగులో ఉన్నాయి, ఒక్కటీ చెరపలేదు.

శుక్రవారం మీటింగులో మూర్తి గారు నిలబడి చెప్పారు. మెషీన్‌దీ అమ్మాయిదీ తప్పు లేదు, చేసింది నా చెయ్యి, అలవాటులో పొరపాటు అన్నారు. ఉద్యోగం ఊసు ఎత్తలేదు. యూనీస్ మేడమ్ మొత్తం విని, పెన్ను మూత పెట్టి, డోరా మేడమ్ వైపు చూసింది.

"ఏం చెయ్యాలె డోరా?"

"ముందుగాల మాట తప్పినమని వాళ్లకు చెప్పాలె మేడమ్. దాచి మల్ల చేస్తే అది ఇంకో తప్పు."

"ఎవరు చెప్తరు?"

"తీసినాయనే చెప్పాలె" అంది డోరా మేడమ్. మూర్తి గారు తల ఊపారు. ఉద్యోగం సంగతి పని పూర్తయ్యాక చూస్తామని యూనీస్ మేడమ్ లేచింది. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు.

నేను ఆ పూటే దారి మార్చాను. ఇకపై కార్డు పెట్టగానే ప్రోగ్రామే ఫొటోలను నేరుగా తీసుకుంటుంది, అప్పుడే వేలిముద్ర సంఖ్య లెక్కకడుతుంది, ఆ ఫోల్డరులో ఉన్నదేదీ ఎవరూ మార్చలేరు, నేను కూడా. డోరా మేడమ్ సర్వీసు పుస్తకంతో సరిచూసి టిక్కు పెడితే గానీ ఫొటో తెర మీదకు పోదు. డెబ్భై మూడింటినీ అసలు కార్డుల నుంచి మళ్లీ తయారుచేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన అచ్చు తీసి మూర్తి గారికి ఇచ్చాను.

ఆ పొట్లం పట్టుకుని ఆయన నాలుగు రోజులు వార్డులన్నీ తిరిగారు. నేనూ వెంట వెళ్లాను, సంతకాల కోసం. నేనైతే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆయన మాత్రం ప్రతి ఒక్కరి ముందూ నిలబడి ఒకే మాట చెప్పారు: "మీ ముఖం ముట్టుకోమని మాటిచ్చి, నేను ముట్టుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. ఇది నేను చేసింది, ఇది మీరు. ఇప్పుడు చెప్పండి."

మగవాళ్ల వార్డు ఆయా కమల రెండు ఫొటోలూ తిప్పి తిప్పి చూసింది. ఆమెకు ముక్కు పక్కన శనగగింజంత మచ్చ. "గిది తీసినవా సారూ? మా అత్త పాతికేండ్ల సంది తీపిచ్చుకోమంటున్నది. దవాఖానల పనిచేసి గూడ నాకు కాలే, నువ్వు కూసున్నకాడ తీసినవ్. మంచిగున్నది, గిదే పెట్టు."

"పెట్టకూడదమ్మా. ఉన్నట్టే ఉండాలి. లేదా అక్షరం పెడతాం" అన్నారు మూర్తి గారు, చాలా బాధగా.

కమల ఆలోచించింది. "ఉంచు తియ్. రేపు మా అత్తనే ఈడ మంచం పడితే, మచ్చ లేకుంటే నన్ను పోల్చదు. ఇగ గా తీసిన ఫొటో నాకియ్యి, ఇంట్ల పెట్టుకుంట." అది కూడా కుదరదని, దాన్ని చెరిపేయాలని నేను చెబితే, ఫొటో ఆమెదేనని నన్ను కసిరింది. ఆలోచిస్తే ఆమె మాటే న్యాయం. ఆ కాగితం ఆమెకిచ్చి, ఇచ్చినట్టు రాసుకుని, మా దగ్గరున్న దిద్దిన ఫైలును చెరిపేశాను. నలుగురు మాత్రం మొత్తానికే వద్దనుకున్నారు. వాళ్ల అసలు ఫొటోనూ తయారైనదాన్నీ తీసేసి, వెనక్కి తీసుకున్న తేదీ మాత్రం ఉంచాం. మూర్తి గారు వాళ్లకు కూడా దండం పెట్టి వచ్చారు.

డెబ్భై మూడో ఫొటో యూనీస్ మేడమ్‌ది.

ఆమె పై పెదవి మీద, ముక్కు కింద నుంచి దిగే ఒక సన్నని గీత ఉంది. పుట్టుకతో చీలిన పెదవిని కుట్టిన గీత. రోజూ చూసే మాకు కనిపించదు. మూర్తి గారి చేతిలో ఉన్న మొదటి ఫొటోలో అది లేదు. ఆమె గదిలో ఇద్దరం బల్లకు ఇవతల నిలబడ్డాం. ఆయన తన మాట చెప్పి రెండు కాగితాలూ ముందు పెట్టారు. డెబ్భై రెండు సార్లు చెప్పిన మాటే గానీ, ఈసారి మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టారు.

ఆమె గీత లేని ఫొటోనే చాలాసేపు చూసింది.

"ఇది రెండోసారి మూర్తి గారూ" అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"నర్సింగ్ కాలేజీల చేరేటప్పుడు అబిడ్స్‌కు వచ్చిన, మీ స్టూడియోకు. మీకు యాదుండదు. మేడ మీద, నల్ల కోటు. ఫొటో ఇంటికి తీసుకపోతే మా అమ్మ చూసి, ఇది ఎవరి బిడ్డ అని అడిగింది."

మూర్తి గారు ఆ ఫొటోను తన వైపు తిప్పుకుని చూశారు.

"నేను ఏడు నెల్ల పిల్లనున్నప్పుడు మా అమ్మ నన్ను బట్టల కట్టుకుని రెండు బస్సులు మారి మిషన్ దవాఖానకు తీసుకపోయింది. ఊళ్లె అందరూ వద్దన్నరు, పిల్ల బతకదన్నరు. గా గీత చూసుకుంటనే బతికింది ఆమె. మీ ఫొటో చూసి, నా కష్టమంత ఏడ పోయిందే అన్నది. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు. ఫొటో మంచిగ వచ్చిందని నేను సంబురపడ్డ. అమ్మ మాట నాకు చాన ఏండ్లకు గాని అర్థం గాలే."

నేను అక్కడి నుంచి వెళ్లిపోవాలనుకున్నాను.

"మీకు మేలు చేస్తున్నాననుకున్నానమ్మా" అన్నారు మూర్తి గారు. మేడమ్ అనడం మరిచిపోయారు. "అందరికీ అదే అనుకుని చేశాను. ఇన్ని వేల మందిలో ఒక్కరిని కూడా అడగలేదు."

"ఔ, అడగలే" అంది ఆమె. కోపం లేదు ఆ మాటలో. "ఇప్పుడు అడుగుండ్రి."

ఆయన ఒక అడుగు ముందుకు వేశారు. "యూనీస్ గారూ, మీ ఫొటోలో ఏం ఉంచమంటారు?"

"ఏది ఉంటే అది." ఆమె గీత ఉన్న ఫొటో కింద సంతకం పెట్టి, తారీఖు వేసి నాకిచ్చింది. నా కళ్లు మసకబారి, ఆ తారీఖు ఏమిటో సరిగ్గా కనిపించలేదు. మూర్తి గారు గుమ్మం దాకా వెళ్లారు.

"ఆగుండ్రి" అంది ఆమె. సొరుగు తీసి ఇంకో కాగితం బల్ల మీద పెట్టింది. సంతకం లేని సమ్మతి పత్రం. పైన పేరు దగ్గర శ్రీరామమూర్తి అని రాసి ఉంది, డైరెక్టరీ నంబరు దగ్గర మూడు వందల పంతొమ్మిది అని ఉంది. "నిన్న కమిటీ మీ కొలువుకు ఒప్పుకున్నది. డెబ్భై మంది ముందు తప్పు ఒప్పుకున్నోడు మల్ల అదే తప్పు చెయ్యడని డోరా గట్టిగ చెప్పింది. సిబ్బంది అన్నంక డైరెక్టరీల ఉండాలె కదా. చదివి పెట్టుండ్రి సంతకం."

ఆయన కుర్చీలో కూర్చుని చదివారు. పెదవులు కదుపుతూ, వేలు వరసల కింద నడిపిస్తూ, వెనక పేజీ కూడా. బయటి ప్రచారం గురించిన మూడో ప్రశ్న దగ్గర ఆగి, "ఇది కూడా ఉందా ఇందులో?" అని నన్ను అడిగి, దానికి కాదని గుర్తు పెట్టారు. మొదటి రెండింటికీ ఔనని పెట్టి సంతకం చేశారు.

ఆయన ఫొటో తీయడానికి నేను తప్ప ఎవరూ లేరు. పసుపు టేపు మీద ఆయన నిలబడ్డారు, గోడ కాగితంలో రాసినట్టే. కెమెరా నాకు కొత్త. డోరా మేడమ్ సర్వీసు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడింది. మీట నొక్కే ముందు అడగాలని ఇప్పుడు మా నియమం. అడిగాను.

"మూర్తి గారూ, తీయమంటారా?"

జీవితమంతా కెమెరా వెనకే ఉన్న మనిషి. తల ఊపారు, నేను నొక్కాను.

తెర మీద ఫొటో చూసి డోరా మేడమ్ నాలుక చప్పరించింది. "కండ్లల్ల నీళ్లున్నయ్ సారు. జర తుడుసుకోండ్రి, మల్లొకటి తీస్తది."

"వద్దమ్మా" అన్నారు మూర్తి గారు. "ముఖంలో ఏదీ మార్చరని చదివే సంతకం పెట్టాను."